రిఫండ్ ఇచ్చేశామంటారు, లిమిట్ మాత్రం పెరగదు

క్రెడిట్ కార్డు మీద పెద్ద వస్తువు కొంటే ఆ క్షణంలోనే లిమిట్ తగ్గిపోతుంది. అదే వస్తువు వాపసు చేస్తే తగ్గిన లిమిట్ తిరిగి రావడానికి వారం పడుతుంది, ఒక్కోసారి రెండు వారాలు కూడా పడుతుంది. పోవడానికి రెండు సెకన్లు, రావడానికి పది రోజులా అని చికాకు పడటం సహజమే. బ్యాంకు కావాలనే తొక్కిపెట్టిందేమోనన్న అనుమానమూ వస్తుంది. చాలా సందర్భాల్లో ఆ అనుమానానికి ఆధారం ఉండదు. కొనేటప్పుడు లిమిట్ ఒక మాట మీదే తగ్గుతుంది. రిఫండప్పుడు మాత్రం పద్దు ఖాతాకెక్కితేనే పెరుగుతుంది. ఈ తేడా ఎక్కడ పుడుతుందో తెలిస్తే, ఆగిన డబ్బు ఎవరి దగ్గర ఆగిందో కూడా తెలుసుకోవచ్చు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్‌లో ఉండే ఒకరి కార్డు లిమిట్ ₹2,00,000. పాత కొనుగోళ్ల బాకీ ₹31,500 ఉంది. 2025 ఆగస్టు 3, ఆదివారం నాడు ఆన్‌లైన్‌లో ₹92,000 పెట్టి టీవీ కొన్నారు. ఓటీపీ కొట్టగానే బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది: ఇక వాడుకోదగ్గ లిమిట్ ₹76,500.

ఆ రెండు సెకన్లలో జరిగింది డబ్బు బదిలీ అనుకుంటాం గానీ, అప్పటికి బ్యాంకు నుంచి పైసా కూడా కదలలేదు. దుకాణం తరఫున ఉండే పేమెంట్ గేట్‌వే, దాని వెనకుండే దుకాణదారు బ్యాంకు కలిసి, వీసా, మాస్టర్‌కార్డ్, రూపే లాంటి నెట్‌వర్క్ ద్వారా కార్డిచ్చిన బ్యాంకును ఒకే ప్రశ్న అడుగుతాయి: ఈ కార్డు మీద ₹92,000 ఇస్తారా? కార్డిచ్చిన బ్యాంకు లిమిట్ చూసుకుని సరేనంటుంది. దీన్ని ఆథరైజేషన్ అంటారు. సరేనన్న మరుక్షణం బ్యాంకు ఆ మొత్తాన్ని పక్కన పెట్టేస్తుంది. అదే హోల్డ్. దుకాణదారుకు మాట ఇచ్చాక అదే లిమిట్‌ను ఇంకో దుకాణంలో మళ్లీ వాడనిస్తే నష్టం బ్యాంకుకే కాబట్టి, ఇక్కడ ఆలస్యానికి తావుండదు.

అసలు లెక్క ఆ తర్వాత నడుస్తుంది. దుకాణదారు బ్యాంకు ఆ రోజు లావాదేవీలన్నీ మూటగట్టి నెట్‌వర్క్‌కు పంపుతుంది. నెట్‌వర్క్ ఎవరు ఎవరికెంత ఇవ్వాలో తేల్చి, కార్డిచ్చిన బ్యాంకుకు పద్దు అందజేస్తుంది. మన ఉదాహరణలో ఆగస్టు 5న ₹92,000 ఖాతాకెక్కింది. హోల్డ్ తొలగిపోయి, దాని స్థానంలోకి బాకీ వచ్చింది. యాప్‌లో అవుట్‌స్టాండింగ్ ₹31,500 నుంచి ₹1,23,500 అయింది గానీ, వాడుకోదగ్గ లిమిట్ ₹76,500 దగ్గరే ఉంది. పైకి ఏ మార్పూ కనిపించదు కాబట్టి ఈ మలుపు చాలామంది దృష్టికి రాదు. వాపసు కథ ఎలా నడవాలో తేలేది మాత్రం ఇక్కడే.

హోల్డా, బాకీనా?

టీవీ రద్దు చేసే సమయానికి ఆ ₹92,000 ఇంకా హోల్డ్‌గానే ఉంటే, దుకాణం దాన్ని వదిలేస్తే చాలు. స్వైప్ మెషీన్ మీద అదే రోజు, ఆ రోజు లెక్క మూసేలోగా క్యాన్సిల్ చేస్తే జరిగేది ఇదే, దీన్నే వాయిడ్ అంటారు. ఆ అమ్మకం బ్యాంకుకు పంపే మూటలోకే ఎక్కదు. రివర్సల్ మెసేజ్ బ్యాంకుకు చేరగానే లిమిట్ తిరిగి వస్తుంది. స్టేట్‌మెంట్‌లో కొనుగోలూ ఉండదు, రిఫండూ ఉండదు. ఒకవేళ దుకాణం రివర్సల్ పంపడం మరిచిపోయినా, హోల్డ్ ఎప్పటికీ ఉండిపోదు. సాధారణ కొనుగోళ్లకు వారం, పది రోజుల్లో దాని గడువు తీరిపోతుంది. హోటళ్లు, అద్దె కార్లు ముందుగా పట్టిపెట్టే మొత్తాలకైతే ఒక్కోసారి నెల దాకా పడుతుంది.

ఒకసారి ఖాతాకెక్కాక మాత్రం ఆ పద్దును ఎవరూ చెరపలేరు. దాన్ని సరిచేయాలంటే ఎదురుగా ఇంకో పద్దు రాయాలి. రిఫండ్ అంటే అదే, పాత కొనుగోలును వెనక్కి తిప్పడం కాదు, దుకాణం నుంచి కార్డుకు కొత్తగా వచ్చే జమ. చాలా ఆన్‌లైన్ దుకాణాలు చెల్లింపు కాగానే డబ్బును క్యాప్చర్ చేసే, అంటే వెంటనే వసూలుకు పంపేసే పద్ధతిలో ఉంటాయి. అందుకే ఆర్డరిచ్చిన గంటలో రద్దు చేసినా స్టేట్‌మెంట్‌లో కొనుగోలు ఒక వరుసలో, రిఫండ్ ఇంకో వరుసలో కనిపించే అవకాశం ఎక్కువ.

ఏ దశలో ఉందో తెలుసుకోవడానికి కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయనక్కర్లేదు. యాప్‌లో కనిపించే మూడు అంకెలు చాలు.

లిమిట్ − ప్రస్తుత అవుట్‌స్టాండింగ్ − వాడుకోదగ్గ లిమిట్ = హోల్డ్

ఆగస్టు 4న ఈ లెక్క వేస్తే 2,00,000 నుంచి 31,500, 76,500 పోగా ₹92,000 మిగులుతుంది. అంటే అది ఇంకా హోల్డ్. ఆగస్టు 6న వేస్తే 2,00,000 నుంచి 1,23,500, 76,500 పోగా సున్నా. అంటే బాకీ అయిపోయింది, ఇక రిఫండే దిక్కు. ఇందులో వాడాల్సింది ఈ రోజున ఉన్న బాకీ. పోయిన నెల స్టేట్‌మెంట్ మీది అంకె వేస్తే లెక్క తప్పుతుంది. కార్డు మీద ఈఎమ్ఐలు నడుస్తున్నా ఈ లెక్క నేరుగా కుదరదు. కొన్ని బ్యాంకులు ఇంకా బిల్లు కాని ఈఎమ్ఐ అసలును అవుట్‌స్టాండింగ్‌లో చూపించవు గానీ లిమిట్‌లోంచి మాత్రం మినహాయిస్తాయి. అప్పుడు మిగిలిన అంకెలోంచి ఆ అసలును కూడా తీసేసి చూడాలి.

"రిఫండ్ ఇనిషియేటెడ్" అంటే ఎంత దూరం వచ్చినట్టు?

టీవీ 7న ఇంటికొచ్చింది. పెట్టె విప్పితే ప్యానెల్ పగిలి ఉంది. 9న దుకాణం వాపసుకు ఒప్పుకుంది, 11న మనిషి వచ్చి తీసుకెళ్లాడు, గోదాములో పరిశీలన అయ్యాక 13న మెసేజ్ వచ్చింది: రిఫండ్ ఇనిషియేటెడ్. 14 ఉదయం యాప్ తెరిస్తే వాడుకోదగ్గ లిమిట్ అదే ₹76,500.

ఆ మెసేజ్ దుకాణం వైపు సంగతే చెబుతుంది. దుకాణం తన గేట్‌వేకు ఈ ఆర్డర్ డబ్బు తిరిగి పంపమని చెప్పిందన్నంతవరకే దాని అర్థం. గేట్‌వే ఆ డబ్బును సాధారణంగా దుకాణానికి తాను ఇవ్వాల్సిన అమ్మకాల సొమ్ములోంచి మినహాయించుకుంటుంది. దుకాణం ఖాతాలో అంత నిల్వ లేకపోతే రిఫండ్ అక్కడే కూర్చుంటుంది. పండుగ అమ్మకాల తర్వాత వాపసులు వెల్లువెత్తినప్పుడు చిన్న దుకాణాల రిఫండ్‌లు ఆలస్యం కావడానికి ఇదొక కారణం. నిల్వ ఉంటే గేట్‌వే నుంచి దుకాణదారు బ్యాంకుకు, అక్కడి నుంచి మూటలో నెట్‌వర్క్‌కు, నెట్‌వర్క్ నుంచి కార్డిచ్చిన బ్యాంకుకు వెళ్తుంది. కొనుగోలు పద్దు నడిచిన దారే ఇది. తేడా ఏమిటంటే కొనుగోలుకు ముందు ఆథరైజేషన్ అనే దూత పరుగెత్తుకొచ్చి లిమిట్‌ను పట్టేసుకుంది. రిఫండ్‌కు అలా ముందుగా వచ్చి లిమిట్‌ను విడిపించేవాళ్లు లేరు.

ఎందుకు లేరు? నిజానికి ఇటీవలి ఏళ్లలో నెట్‌వర్క్‌లు రిఫండ్‌కు కూడా ముందస్తు సందేశం పంపే ఏర్పాటు తెచ్చాయి. కొన్ని యాప్‌లలో "పెండింగ్ రిఫండ్" అని కనిపించేది దాని వల్లే. అది కనిపించినా చాలా బ్యాంకులు లిమిట్‌ను మాత్రం పెంచవు. బ్యాంకు వైపు నుంచి చూస్తే ఇందులో తర్కం ఉంది. దుకాణం మాట నమ్మి 13వ తేదీనే ₹92,000 లిమిట్ తెరిచిందనుకుందాం. కార్డుదారు అదే రోజు ఇంకో ₹92,000 వస్తువు కొన్నారు. తీరా దుకాణం రిఫండ్‌ను వెనక్కి తీసుకుంటే, లేదా దాని ఖాతాలో డబ్బే లేకపోతే, బ్యాంకు ఒకే లిమిట్ మీద రెండుసార్లు అప్పిచ్చినట్టవుతుంది. కొనుగోలు హోల్డ్‌లో మాట తప్పితే బ్యాంకుకు పోయేదేమీ లేదు, హోల్డ్ తీసేస్తే సరిపోతుంది. రిఫండ్‌లో మాట తప్పితే నష్టం బ్యాంకుకే. అందుకే మొదటిదాన్ని మాట మీద, రెండోదాన్ని డబ్బు మీద నడుపుతుంది. కార్డుదారుకు ఇది అన్యాయంగా తోచడంలో తప్పులేదు. వస్తువు చేతిలో లేదు, లిమిట్ కూడా చేతిలో లేదు. ఆ మధ్య రోజుల భారం ముగ్గురిలో ఏ తప్పూ చేయని మనిషి మీదే పడుతుంది.

ఈ దశలో ఎవరిని అడగాలన్నది తేల్చే వస్తువు ఒకటుంది. రిఫండ్ దుకాణదారు బ్యాంకు దాటి నెట్‌వర్క్‌లోకి వెళ్లినప్పుడు దానికి ఏఆర్ఎన్ అనే 23 అంకెల నంబరు పడుతుంది. దుకాణం ఆ నంబరు ఇవ్వగలిగితే రిఫండ్ వాళ్ల గడప దాటినట్టే. దాంతో కార్డిచ్చిన బ్యాంకును అడిగితే వెతికి చెప్పగలరు. నంబరు ఇంకా రాలేదంటే బ్యాంకును ఎన్నిసార్లు అడిగినా లాభం లేదు, వాళ్ల దాకా ఏదీ రాలేదు. ఆ నంబరులో ఒక చిన్న ఆధారం కూడా దాగుంది. ఎనిమిదో అంకె నుంచి పదకొండో అంకె దాకా ఉండే నాలుగు అంకెలు తేదీని చెబుతాయి. మొదటిది సంవత్సరం చివరి అంకె, తర్వాతి మూడు ఆ ఏడాదిలో ఎన్నో రోజో. 2025లో ఆగస్టు 14 అంటే 226వ రోజు కాబట్టి అక్కడ 5226 అని ఉంటుంది. పది రోజుల క్రితమే పంపేశామని దుకాణం చెబుతూ, ఆ నాలుగు అంకెలు నిన్నటి తేదీ చూపిస్తుంటే సంగతి తెలిసిపోతుంది. రూపే కార్డులతో జరిగే కొన్ని చెల్లింపుల్లో దీనికి బదులు 12 అంకెల ఆర్ఆర్ఎన్ ఇస్తారు. దాంతోనూ వెతకొచ్చు.

మన ఉదాహరణలో ఏఆర్ఎన్ 14న పడింది. 15 పంద్రాగస్టు, 17 ఆదివారం. 19న ₹92,000 జమ ఖాతాకెక్కి, అవుట్‌స్టాండింగ్ ₹31,500కు దిగింది, వాడుకోదగ్గ లిమిట్ ₹1,68,500కు పెరిగింది. కొన్నది 3న, పోయిన లిమిట్ తిరిగొచ్చింది 19న.

రిజర్వు బ్యాంకు అయిదు రోజుల్లో డబ్బు తిప్పి పంపాలని, లేకపోతే రోజుకు ₹100 ఇవ్వాలని చెప్పింది కదా అన్న వాదన ఇలాంటి సందర్భంలో తరచూ వినిపిస్తుంది. 2019 సెప్టెంబరు నాటి ఆ ఉత్తర్వు ఉన్న మాట నిజమే. అయితే అది విఫలమైన లావాదేవీలకు. ఖాతాలో డబ్బు పోయి, దుకాణానికి నిర్ధారణ అందకపోతే లావాదేవీ జరిగిన రోజు కాకుండా అయిదు రోజుల్లో దానంతటదే తిరిగి రావాలి. టీవీ కొని, అందుకుని, నచ్చక లేదా పగిలి వెనక్కిచ్చిన రిఫండ్ ఆ కోవలోకి రాదు. ఆ లావాదేవీ సక్రమంగానే జరిగింది కదా. అక్కడ గడువు దుకాణం వాపసు నిబంధనల మీద ఆధారపడి ఉంటుంది.

మధ్యలో బిల్లు వస్తే

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. ఈ కార్డు స్టేట్‌మెంట్ ప్రతి నెలా 15న వస్తుందనుకుందాం. ఆగస్టు 15 నాటికి రిఫండ్ దారిలోనే ఉంది కాబట్టి బిల్లులో కట్టాల్సింది ₹1,23,500 అని వచ్చింది. ఆఖరి తేదీ సెప్టెంబరు 4. రిఫండ్ 19నే వచ్చింది కాబట్టి ఇబ్బంది లేదు. గడువుకు ముందు వచ్చిన రిఫండ్‌ను కట్టాల్సిన మొత్తంలోంచి వెంటనే తగ్గించి, కార్డుదారుకు తెలియజేయాలని రిజర్వు బ్యాంకు కార్డుల ఆదేశాలు చెబుతున్నాయి. చేతికొచ్చిన బిల్లులో అంకె మారదు గానీ, నిజంగా కట్టాల్సింది ఇప్పుడు ₹31,500. యాప్‌లో సరిచూసుకుని అంతే కడితే సరిపోతుంది.

అదే రిఫండ్ సెప్టెంబరు 8న వచ్చిందనుకుందాం. "ఆ ₹92,000 ఎలాగూ వెనక్కి వస్తుంది కదా" అనుకుని 4వ తేదీన ₹31,500 మాత్రమే కడితే, బ్యాంకు దృష్టిలో అది పాక్షిక చెల్లింపు. దాంతో వడ్డీలేని గడువు పోతుంది. మిగిలిన ₹92,000 మీద కొన్న తేదీ నుంచి, అంటే ఆగస్టు 3 నుంచి వడ్డీ పడుతుంది. నెలకు 3.5 శాతం చొప్పున 36 రోజులకు సుమారు ₹3,800, దాని మీద 18 శాతం జీఎస్టీ. పగిలిన టీవీకి, ఇంట్లో లేని టీవీకి ఇంత వడ్డీ. బాకీ పూర్తిగా తీరేదాకా కొత్త కొనుగోళ్లకూ వడ్డీలేని గడువు దొరకదు. గడువులోగా రిఫండ్ రాకపోతే, చేతిలో డబ్బుంటే బిల్లు మొత్తం కట్టేయడమే చవక.

అలా మొత్తం కట్టేశాక 8న రిఫండ్ వస్తే కార్డు ఖాతాలో ₹92,000 మిగులు జమగా నిలుస్తుంది. ఆ డబ్బు ఇక కార్డులోనే చిక్కుకుపోయిందని చాలామంది అనుకుంటారు. అదే ఆదేశాల ప్రకారం, కట్టేసిన బిల్లుకు సంబంధించి వచ్చిన రిఫండ్ కార్డు లిమిట్‌లో 1 శాతం, ₹5,000 ఈ రెంటిలో ఏది తక్కువైతే దాన్ని మించితే, దాన్ని కార్డులోనే సర్దుబాటు చేయడానికి బ్యాంకు ఏడు రోజుల్లోగా మెయిల్ లేదా ఎస్సెమ్మెస్ ద్వారా అనుమతి అడగాలి. రెండు లక్షల లిమిట్‌కు ఆ హద్దు ₹2,000 కాబట్టి ₹92,000కు అడిగి తీరాలి. జవాబు రాకపోతే డబ్బును కార్డుదారు బ్యాంకు ఖాతాకు పంపాలి. మొత్తం ఎంతైనా సరే, ఖాతాలో వేయమని కార్డుదారే కోరితే మూడు పనిదినాల్లో వేయాలి. ఆ మెసేజ్‌ను ప్రకటన అనుకుని తీసేయకూడదన్నమాట.

ఇక టీవీ లేకుండా గడవదు, వెంటనే ఇంకొకటి కొనాలి అనుకుంటే ₹76,500 లిమిట్‌తో ₹92,000 కొనుగోలు తిరస్కరణకు గురవుతుంది. కార్డుకు ముందుగా ఇరవై వేలు కడితే లిమిట్ ₹96,500 అవుతుంది, పని జరుగుతుంది. బ్యాంకు యాప్ నుంచో యూపీఐ ద్వారానో కట్టింది సాధారణంగా త్వరగా లిమిట్‌లో కలుస్తుంది. చెక్కు వేస్తే అది చెల్లుబాటయ్యే దాకా ఆగాలి. రిఫండ్ వచ్చినప్పుడు అదే కార్డు ఖాతాకు జమవుతుంది కాబట్టి ముందు కట్టింది ఎక్కడికీ పోదు.

ఇంటి అప్పుకో కారు అప్పుకో దరఖాస్తు పెట్టబోయేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. 2025 జనవరి 1 నుంచి బ్యాంకులు బాకీల వివరాలను సిబిల్ లాంటి సంస్థలకు నెలకు రెండుసార్లు, 15వ తేదీ నాటికీ నెలాఖరు నాటికీ ఉన్న స్థితితో ఇవ్వడం మొదలుపెట్టాయి. మన ఉదాహరణలో ఆగస్టు 15 నాటికి బాకీ ₹1,23,500, అంటే లిమిట్‌లో దాదాపు 62 శాతం వాడినట్టు, అది స్కోరుకు మంచిది కాదు. రిఫండ్ ఖాతాకెక్కని కొనుగోలు కూడా అక్కడ మామూలు బాకీయే. నెలాఖరు వివరాలు వెళ్లేసరికి అది 16 శాతానికి దిగుతుంది. రెండు వారాలు ఆగి దరఖాస్తు పెట్టే వీలుంటే ఆగడం మంచిది.

ఈఎమ్ఐ మీద కొన్న వస్తువైతే లెక్క ఇంకాస్త జటిలం. ఈఎమ్ఐగా మార్చినా మొదట మొత్తం అసలు లిమిట్‌లోంచి పోతుంది, కట్టిన వాయిదాల్లోని అసలు మేరకే నెమ్మదిగా తిరిగి వస్తుంది. వస్తువు వాపసు చేసినప్పుడు రిఫండ్ ఒక మొత్తంగా జమ అవుతుంది గానీ, ఈఎమ్ఐ ఒప్పందం దానంతటది ఆగుతుందన్న నమ్మకం లేదు. కొన్నిచోట్ల బ్యాంకును విడిగా అడిగి దాన్ని రద్దు చేయించాలి. అది చేయకపోతే రిఫండ్ జమైపోయినా వాయిదాలు పడుతూనే ఉంటాయి, లిమిట్ కూడా సగమే విడుదలైనట్టు కనిపిస్తుంది. ప్రాసెసింగ్ ఫీజు, అప్పటికే పడిన వడ్డీ, వాటి మీది జీఎస్టీ తరచుగా తిరిగి రావు. రిఫండ్ అంకెకూ కొన్న ధరకూ మధ్య కొన్ని వందల తేడా ఉంటే ముందు చూడాల్సింది ఇక్కడ.

ఏఆర్ఎన్ ఇవ్వరు, వారాలు గడుస్తాయి, దుకాణం మాత్రం పంపేశామనే అంటుంది. ఆ పరిస్థితిలో రిఫండ్ రాసిచ్చిన మెయిల్‌తో, వాపసు రసీదుతో కార్డిచ్చిన బ్యాంకులో డిస్ప్యూట్ వేయాలి. రిఫండ్ మాటిచ్చి ఇవ్వకపోవడం నెట్‌వర్క్‌ల నిబంధనల్లో గుర్తించిన కారణాల్లో ఒకటి. దానికి సాధారణంగా 120 రోజుల గడువు ఉంటుంది కాబట్టి దుకాణం చెప్పే "ఇంకో వారం" మాటలను లెక్కపెట్టుకుంటూ పోతే అది కరిగిపోతుంది. బ్యాంకు ఫిర్యాదును 30 రోజుల్లో తేల్చకపోతే, లేదా ఇచ్చిన జవాబు తృప్తిగా లేకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. అయితే అంబుడ్స్‌మన్ విచారించేది బ్యాంకు చేసిన ఆలస్యాన్నే. దుకాణం అసలు పంపనే లేకపోతే ఆ తగాదా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, అక్కడా తేలకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలి.